రెండో బ్రాంచా, పచ్చళ్ల జాడీలా?

అమ్మకాలు పెరుగుతున్న స్వగృహ ఫుడ్స్ షాపు యజమానికి రెండు ఆలోచనలు దాదాపు ఒకేసారి వస్తాయి. ఊళ్లో ఇంకో చోట బ్రాంచి తెరవడం ఒకటి. ఉన్న షాపులోనే స్వీట్లు, హాట్ పక్కన పచ్చళ్లు మొదలుపెట్టడం ఇంకొకటి. ఎక్కువమంది మనసు బ్రాంచి వైపే మొగ్గుతుంది, ఎందుకంటే అది పదిమందికీ కనబడే ఎదుగుదల. కానీ చాలా షాపులకు ముందు పచ్చళ్లే సరైన దారి అని నా అభిప్రాయం. ఎందుకో ఒక షాపు లెక్కతో చెబుతాను. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. మీ పుస్తకంలోని అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి, తీర్పు మారినా మారవచ్చు.

ముందు పెరుగుదల ఎంతో తేల్చాలి. నిరుడు నెలకు 7.5 లక్షలు అమ్మిన షాపు ఈ ఏడు 9 లక్షలు అమ్ముతోంది. ఇరవై శాతం పెరిగిందని యజమాని సంబరం. నిరుడు కిలో సగటున 320 రూపాయలు, ఈ ఏడు 360. కిలోల్లోకి మార్చి చూస్తే 2,344 కిలోలు కాస్తా 2,500 అయ్యాయి. అంటే అసలు పెరుగుదల ఏడు శాతం లోపే, మిగతాదంతా ధర. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచినప్పుడు నూనెలో వేయించే ప్రతి సరుకు రేటూ మార్చుకోవాల్సి వచ్చింది. అలాంటి ఏడాది గల్లాపెట్టె నిండినా, కొనేవాళ్లు పెరిగారని దానర్థం కాదు.

పండుగలు కూడా లెక్క తప్పిస్తాయి. దీపావళి 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల నవంబరు 8కి జరుగుతుంది. అక్టోబరును అక్టోబరుతో పోలిస్తే వ్యాపారం పడిపోయిందనిపిస్తుంది, నవంబరును నవంబరుతో పోలిస్తే ఎగిసిందనిపిస్తుంది. శ్రావణాన్ని శ్రావణంతో, దసరా వారాన్ని దసరా వారంతో పోల్చుకోవాలి, అదీ కిలోల్లో.

ఇక బ్రాంచి లెక్క. వంటశాల ఒక్కటే, కొత్త చోట కౌంటర్ మాత్రమే అనుకుందాం. అద్దె 35,000. ఇద్దరు మనుషులకు 30,000. కరెంటు 8,000. రోజూ సరుకు చేరవేసే ఆటోకు 10,000. పాడైపోయే సరుకు కింద 7,000. మొత్తం నెలకు 90,000. ముడిసరుకు, ప్యాకింగ్, గ్యాస్, వంటవాళ్లకు ఇచ్చే అదనపు కూలి పోగా వంద రూపాయల అమ్మకం మీద 35 మిగులుతుందనుకుంటే, ఆ ఖర్చు రాబట్టడానికి నెలకు సుమారు 2.57 లక్షలు, అంటే రోజుకు 8,600 అమ్మాలి. పాత షాపు రోజుకు 30,000 అమ్ముతున్నప్పుడు ఇది చాలా తేలికగా కనబడుతుంది.

తప్పు జరిగేది ఇక్కడే. కొత్త కౌంటర్‌కు వచ్చేవాళ్లలో కొందరు ఇన్నాళ్లూ పాత షాపుకు వచ్చినవాళ్లే. ఇంటికి దగ్గరైంది కాబట్టి అటు మళ్లారు. వాళ్లు కొన్నది కొత్త అమ్మకం కాదు, ఒక గల్లా నుంచి ఇంకో గల్లాకు మారిన అమ్మకం. మూడో వంతు అలా మారిందనుకోండి. అప్పుడు 90,000 రాబట్టాలంటే బ్రాంచి నెలకు 3.86 లక్షలు, రోజుకు సుమారు 12,900 అమ్మాలి. అడ్వాన్సు, అద్దాల షెల్ఫులు, ఫ్రిజ్‌ల మీద పెట్టిన డబ్బు ఇందులో లేనే లేదు.

ఇప్పుడు పచ్చళ్లు చూద్దాం. వేసవిలో వెయ్యి కిలోల ఆవకాయ పెట్టారనుకుందాం. మామిడికాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె, కూలి, సీసాలు, లేబుళ్లు అన్నీ కలిపి కిలో 200 పడితే, 400కి అమ్ముతారు. ఏడాదిలో తొమ్మిది వందల కిలోలు అమ్ముడై వంద కిలోలు మిగిలిపోయినా 1.6 లక్షలు చేతికొస్తాయి, అంటే నెలకు 13,000 పైచిలుకు. కొత్త అద్దె లేదు, కౌంటర్లో కొత్త మనిషి లేడు. ఆవకాయకు పొయ్యి కూడా అక్కర్లేదు కాబట్టి జంతికల బాణలి ఒక్క గంట కూడా ఆగదు.

అయితే ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. జంతికలకు ఇవాళ కొన్న పిండి రెండు రోజుల్లో డబ్బవుతుంది. ఆవకాయ అలా కాదు. గట్టి పుల్లటి కాయ దొరికేది కొన్ని వారాలే, ఏడాది సరుకంతా అప్పుడే కొనాలి. రెండు లక్షలు ఒక్కసారిగా జాడీల్లోకి వెళ్లిపోతాయి. నెలకు 75 కిలోల చొప్పున అమ్మితే ఆ రెండు లక్షలు తిరిగి రావడానికి ఆరున్నర నెలల పైనే పడుతుంది. అప్పటికి దసరా, దీపావళి సరుకు కొనాల్సిన రోజులు కూడా దాటిపోతాయి. చేతిలో ఆ డబ్బు ఆడకపోతే మొదటి ఏడాది మూడు వందల కిలోలతో ఆగడం మంచిది. కాయ తడి పూర్తిగా ఆరకముందే ముక్క కొట్టినా, ఉప్పు తగ్గినా, ముక్క మీద నూనె తేలకపోయినా బూజు పడుతుంది. అది తెలిసేది వారానికోసారి ప్రతి జాడీ మూత తీసి చూసేవాడికే. లైసెన్సులో పచ్చళ్ల విభాగం చేర్పించుకోవడం కూడా మరవకూడదు. బ్రాంచికైతే ఆ చిరునామాకు విడిగా ఫుడ్ లైసెన్సు కావాలి.

రెండూ పక్కపక్కన పెడితే, ఈ షాపుకు పచ్చళ్లు తెచ్చే 13,000 బ్రాంచి కూడా తేవాలంటే రోజుకు సుమారు 14,700 అమ్మాలి. అంటే పేరున్న పాత షాపు అమ్మకంలో దాదాపు సగం, కొత్త చోట. మొదటి ఏడాదే అది సాధ్యమని నేను నమ్మను.

ఈ తీర్పును తిరగేసే సంగతి ఒక్కటే, రెండు షాపుల మధ్య దూరం. పాత షాపు మనుషులు ఎవరూ అటు మళ్లనంత దూరంలో బ్రాంచి పెడితే, రోజుకు 12,000 అమ్మినా నెలకు 36,000 మిగులుతుంది, పచ్చళ్ల కంటే చాలా ఎక్కువ. అందుకే నిర్ణయానికి ముందు ఒక నెలపాటు బిల్లు రాసేటప్పుడు ‘ఏ ఏరియా నుంచి వచ్చారండీ?’ అని అడిగి రాసుకోవాలి. అదే పుస్తకంలో ఇంకో పేజీలో, అడిగి లేదనిపించుకున్న వస్తువులు రాయాలి. దూరపు ఏరియా పేరు ఒకటే పదేపదే కనబడితే బ్రాంచి ఎక్కడ పెట్టాలో కొన్నవాళ్లే చెప్పినట్టు. రెండో పేజీలో గోంగూర, మాగాయ, ఆవకాయ నిండితే జాడీలు కడిగించండి.

బ్రాంచి వైపే తేలినా, అక్కడికి మొదట పంపాల్సింది చేగోడీలు, జంతికలు, కజ్జికాయల్లాంటి నిలవుండే సరుకు. విడిగా అమ్మే స్వీట్లకు ఎప్పటిలోగా తినాలో ట్రే మీద తేదీ రాయడం 2020 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి. కోవా స్వీట్లకు ఆ గడువు చాలా తక్కువ. ఒక రోజు బేరం పడిపోతే మర్నాటికి ఆ ట్రే నష్టంలోకే పోతుంది. పాడైపోయే సరుకు కింద నేను వేసిన 7,000 కోవాతో మొదలుపెట్టినవాళ్లకు చాలదు.

లెక్కలో పెట్టలేనిది యజమాని కన్ను. కొత్త కౌంటర్ నిలదొక్కుకునేదాకా ఆయన సాయంత్రాలు అక్కడే గడుస్తాయి. ఆ సాయంత్రాల్లో పాత వంటశాలలో నూనె మార్చాల్సిన రోజు మార్చరు, జంతిక రంగు ముదురుతుంది, కొన్నవాళ్లు ఫిర్యాదు చేయరు, రావడం మానేస్తారు. ఇది జరుగుతోందో లేదో బ్రాంచి లెక్కల్లో కనబడదు. తెరిచిన మూడో నెలలో పాత షాపు కిలోలు చూడాలి. అటు మళ్లినవాళ్ల వాటా తీసేశాక కూడా అవి తగ్గి ఉంటే, ఆయన తిరిగి వచ్చి ఆ బాణలి దగ్గర నిలబడాలి.