గుర్రం మోకాటి చిప్పకు పడే గడియ

“నిలబడే నిద్రపోయే గుర్రం, నిద్రలో కండరాలు సడలితే కూలిపోదా?”

అప్పుడు బరువును ప్రధానంగా మోసేది కండరాలు కావు. పొట్ట పక్కనే ఉండే వెనక కాలి మోకాలిని చాచి, చిప్పను పైకి లాగి కొద్దిగా తిప్పినప్పుడు, దాని లోపలి వైపు స్నాయుబంధం తొడ ఎముక చివరనున్న గట్టుకు కొక్కెంలా తగులుకుంటుంది. మడమ కీలు కూడా మోకాలితో ముడిపడి ఉన్నందున ఒకటి బిగిస్తే రెండోదీ వంగదు. ఆ కాలు బరువు మోస్తుండగా రెండో వెనక కాలు గిట్ట కొన మీద వాలి సేదతీరుతుంది. కొంతసేపటికి వంతు మారుతుంది. కొన్ని గుర్రాల్లో, ముఖ్యంగా తొడ కండరాలు ఇంకా బలపడని వయసులో, ఈ గడియ సమయానికి విడిపోక కాలు వెనక్కి బిగుసుకుపోయి గిట్ట నేలను రాసుకుంటుంది.

అయితే కనుగుడ్లు చకచకా కదిలే నిద్రకు గుర్రం పడుకోవలసిందే. నొప్పి వల్లనో భయం వల్లనో రోజుల తరబడి పడుకోనిది నిలబడే తూలి ముందుకు కూలబడుతుంది. ముందుకాళ్ల గిట్టల పై కీళ్ల మీద మళ్లీ మళ్లీ పడే గాయాలే అందుకు గుర్తు.