అద్దెదారు చేతికి టేపు ఎవరిచ్చారు?

ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య ఉండే బంధం నమ్మకం మీద నడుస్తుంది. యజమాని చెబుతారు, అద్దెదారు నమ్ముతాడు. ఇంత చక్కటి పని విభజనను ఈ మధ్య ఒక చిన్న వస్తువు చెడగొడుతోంది. బొత్తాం నొక్కితే సర్రున లోపలికి చుట్టుకుపోయే కొలత టేపు అది. దీన్ని ఎవరికి పడితే వారికి, కనీసం గుర్తింపు కార్డు కూడా అడగకుండా అమ్ముతున్నారు.

నాకు తెలిసిన ఒక యజమాని గారు ఇటీవల దీని బారిన పడ్డారు. ఆయన పక్షాన నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత.

ఆయన ఫ్లాటు ప్రకటనలో ఉన్నది ఇదీ: 1200 చదరపు అడుగులు, మూడు పడక గదులు, కవర్డ్ పార్కింగ్, విశాలమైన హాలు, చక్కటి గాలీ వెలుతురూ. అద్దెదారు వచ్చి చూశాడు, తల ఊపాడు, సంతకం చేశాడు. మొదటి నెల అద్దె కట్టాడు, రెండో నెలా కట్టాడు. అంతా సుఖాంతమే అనుకుంటున్న సమయంలో, తివాచీ కొనడానికి హాలు కొలిచాడు. పాపం, తప్పంతా తివాచీదే. హాలు కొలిచినవాడు అక్కడితో ఆగాడా? ఇల్లంతా కొలిచాడు.

కొలిచిన తీరు చూస్తే ఇతని కుట్ర ఎంత లోతైనదో తెలుస్తుంది. గోడ సున్నం నుంచి ఎదుటి గోడ సున్నం దాకా, నేలకు దగ్గరగా టేపు పట్టాడు. వంకర తిరిగిన హాలును రెండు దీర్ఘచతురస్రాలుగా విడగొట్టి వేరువేరుగా లెక్క కట్టాడు. గదిలోకి పొడుచుకు వచ్చిన స్తంభం మూలలను తీసేశాడు. బాల్కనీని కలపకుండా పక్కన రాశాడు. ప్రతి గదినీ రెండుసార్లు కొలిచి, రెండోసారి మన యజమాని గారి మేనేజరును పిలిచి టేపు రెండో కొస ఆయన చేతికే ఇచ్చాడు. దీనివల్ల తరువాత 'నువ్వు తప్పు కొలిచావు' అనే సహజమైన, గౌరవప్రదమైన సమాధానం యజమాని గారికి లేకుండా పోయింది. ఇంతకన్నా క్రూరత్వం ఉంటుందా?

లోపలి కొలత 790 చదరపు అడుగులు వచ్చింది. బాల్కనీ మరో 42.

ఇక్కడ సాధారణ అద్దెదారు అయితే ఒక్క గంతు వేసి, 1200 ఎక్కడ, 790 ఎక్కడ, అద్దెలో మూడో వంతు కోసేయండి అని గొడవకు దిగేవాడు. అలాంటివాళ్ళంటే యజమానులకు ఎంతో ఇష్టం. ఎందుకంటే వాళ్ళను ఒక్క వాక్యంతో ఇంటికి పంపవచ్చు: "అది సూపర్ బిల్టప్ ఏరియా అండీ." అంటే గదుల నేల ఒక్కటే కాదు, గోడల మందమూ, బాల్కనీ, మెట్లూ, లిఫ్టూ, వరండా, కాపలాదారు కుర్చీ వేసుకునే చోటూ అన్నిట్లో ఈ ఫ్లాటుకు వచ్చే వాటా కలిపిన సంఖ్య. లోపల తిరిగే నేలను కార్పెట్ ఏరియా అంటారు. ఈ రెండింటి మధ్య పావు వంతు నుంచి మూడో వంతు దాకా తేడా ఉండడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. పక్కింటివాళ్ళ ఫ్లాటు కూడా అదే లెక్కన చూపించి ఉంటారు గనుక, ఒక రకం కొలతను ఇంకో రకం కొలతతో పోల్చిన ఫిర్యాదు ఎక్కడా నిలవదు.

మన అద్దెదారుకు దురదృష్టవశాత్తూ ఈ సంగతి తెలుసు. అతను 790ని మడిచి జేబులో పెట్టుకుని, మర్యాదగా మరో ప్రశ్న అడిగాడు. "సూపర్ బిల్టప్ అనే అనుకుందామండీ. మీ కాగితాల్లో ఆ సూపర్ బిల్టప్ ఎంత రాసి ఉంది?"

యజమాని గారి ఫ్లాటు ఎంత సున్నితమైన ప్రాణో ఇక్కడే బయటపడింది. ఆయన కొన్నప్పటి దస్తావేజులో ఉమ్మడి వాటాతో కలిపి 1080 చదరపు అడుగులు. ఆస్తి పన్ను కాగితంలో గోడలతో సహా 950. గోడల లోపల 790. ప్రకటనలో మాత్రం 1200. పన్ను వసూలు చేసేవాళ్ళను చూస్తే ముడుచుకుంటుంది, అద్దెదారును చూస్తే ఆప్యాయంగా ఉబ్బుతుంది. అతిథిని చూసి పొంగిపోయే ఇంటిని పట్టుకుని, నువ్వెందుకు పొంగావని అడిగే మనస్తత్వం నాకు అర్థం కాదు.

950 ఒక రకం కొలత, 1080 మరో రకం, కనుక ఆ రెండింటి మధ్య తేడాకు తగిన కారణం ఉంది. 1080, 1200 మాత్రం ఒకే రకం కొలత, రెండూ ఒకే ఫ్లాటువి. మధ్యలో 120 అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయన్నదానికి ఏ గోడా, ఏ మెట్టూ జవాబు చెప్పలేదు. 1200లో 120 అంటే సరిగ్గా పది శాతం. అద్దెదారు అడిగింది ఈ పది శాతం మాత్రమే. ఒకటి రెండు శాతం తేడా అయితే అడిగేవాడు కాదట. పది అడుగుల గోడకు సున్నం ఒక అంగుళం మందంగా పూస్తేనే దాదాపు ఒక శాతం పోతుంది, దానికోసం మనుషులను ఇబ్బంది పెట్టకూడదు అన్నాడు. ఈ ఔదార్యం చూసి యజమాని గారికి మరీ మండింది.

అప్పుడు ఆయన తన దగ్గరున్న అసలైన వాదన తీశారు. నిజం చెప్పాలంటే అది బలమైన వాదనే. "నువ్వు అడుగుల్ని అద్దెకు తీసుకోలేదయ్యా, ఇంటిని తీసుకున్నావు. కళ్ళారా చూశావు. ఒప్పందంలో ఫ్లాటు నంబరు ఉంది కానీ చదరపు అడుగులు ఎక్కడ ఉన్నాయి? పైగా, చూసుకుని సంతృప్తి చెంది తీసుకుంటున్నాను అని సంతకం కూడా పెట్టావు." చాలా అద్దె ఒప్పందాలు ఇలాగే ఉంటాయి. విస్తీర్ణం ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఒప్పందంలో అసలు కనిపించదు. దీన్ని నేను ముందుచూపు అంటాను. అద్దెదారులు వేరే మాట వాడతారు.

ఇక్కడితో కథ ముగియాల్సింది. ముగియలేదు, కారణం ఆ దుర్మార్గుడు ప్రకటనను తేదీ కనిపించేలా ఫోనులో దాచుకున్నాడు. అంతేకాదు, బేరం నడుస్తున్న రోజుల్లో దళారీ పంపిన సందేశం కూడా దాచాడు. అద్దె కాస్త తగ్గించమని అడిగితే దళారీ రాసిన జవాబు అది: చదరపు అడుగుకు ఇంత చొప్పున 1200 అడుగులకు లెక్క కట్టామనీ, ఇంతకన్నా తగ్గదనీ. అద్దె ఇంటికి కాదు, అడుగులకే అని యజమాని తరఫు మనిషే తన వేళ్ళతో టైపు చేసి ఇచ్చాడన్నమాట. మాట్లాడే దళారీ వల్ల ఎప్పుడూ నష్టం లేదు. రాసే దళారీతోనే ప్రమాదం.

మూడో పడక గది గురించి అద్దెదారు ఒక్క మాట అనలేదని ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. అందులో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. కానీ అది సంతకానికి ముందే కంటికి కనిపించిన లోపం, దాన్ని ఇప్పుడు ఎత్తితే మిగతా మాట కూడా పలుచన అవుతుందని అతని లెక్క. పది శాతం తక్కువ నేల కంటికి ఆనదు, టేపుకే ఆనుతుంది. 'విశాలమైన', 'చక్కటి' అన్న మాటల జోలికీ పోలేదు.

పార్కింగు జోలికి మాత్రం పోయాడు. ప్రకటనలో కవర్డ్ పార్కింగ్ అని ఉంది, పైన కప్పు ఉంది, కనుక ప్రకటన అక్షరాలా నిజం. రెండు స్తంభాల మధ్య ఏడడుగుల చోటు. కారు వెడల్పు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. కారు లోపలికి దర్జాగా వెళుతుంది. అటూ ఇటూ ఏడున్నర అంగుళాలు మిగులుతాయి, అందులోంచి మనిషి దిగలేడు. దిగడం గురించి ప్రకటనలో ఎక్కడా హామీ ఇవ్వలేదని నేను గుర్తు చేయదలచుకున్నాను.

ఫ్రాన్సులో పరిస్థితి ఇంకా దారుణం. అక్కడ ఖాళీగా అద్దెకిచ్చే ఇంటి ఒప్పందంలో విస్తీర్ణం రాయాల్సిందే. అసలు కొలత రాసినదానికన్నా ఇరవయ్యో వంతుకు మించి తక్కువైతే, అదే నిష్పత్తిలో అద్దె తగ్గించమని అడిగే హక్కు 2014 చట్టం ఇచ్చింది. పైకప్పు 1.80 మీటర్ల కన్నా కిందికి ఉన్న చోటును లెక్కలోకే తీసుకోరు. మనిషి నిలబడలేని చోటు ఇల్లు కాదట! జర్మనీలో పది శాతం దాటిన లోటుకు అద్దె తగ్గించవచ్చని అక్కడి సర్వోన్నత న్యాయస్థానం 2004లో తేల్చింది. వంగి నడిచే సంస్కారం వాళ్ళకు లేదు.

సరే, మన అద్దెదారు ఉత్తరం రాశాడు. అందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు, న్యాయవాది పేరు లేదు. ప్రకటనలో ఉన్నది ఇది, మీ దస్తావేజులో ఉన్నది ఇది, తేడా పది శాతం, దళారీ సందేశం జతపరిచాను, వచ్చే నెల నుంచి అద్దె ఇంతకు సవరించగలరు, పార్కింగుకు మనిషి దిగగలిగే వేరే చోటు చూపించగలరు. అంతే. పైగా, జవాబు వచ్చేదాకా పూర్తి అద్దె కడుతూనే ఉంటానని చివర రాశాడు, కట్టాడు కూడా. అద్దె ఆపేసి ఉంటే ఎంత బాగుండేది! ఎగవేతదారు అని ముద్ర వేసి, కొలతల సంగతి ఆ గొడవలో కలిపేసి, వారంలో ఖాళీ చేయమనేవారు. ఆ అవకాశం కూడా దక్కనివ్వలేదు.

యజమాని గారు పది రోజులు మార్కెట్ గురించి మాట్లాడారు. ఆ తరువాత, ఇతను ఖాళీ చేస్తే కొత్తవాడు దొరికేదాకా ఇల్లు ఖాళీగా ఉంటుందనీ, ఒక్క నెల ఖాళీగా ఉన్నా పది నెలల తగ్గింపు ఒకేసారి పోయినట్టేననీ లెక్క వేసుకుని ఒప్పుకున్నారు. పది శాతం తగ్గింపు ఉత్తరం అందిన నెల తరువాత నుంచి. కట్టేసిన నెలల తేడా మాత్రం వెనక్కి ఇవ్వనన్నారు, అద్దెదారు పట్టుబట్టలేదు. పార్కింగుకు తన పేరుతో వాడకుండా పడి ఉన్న మూల చోటు ఇచ్చారు. ఈ మొత్తం ఒప్పందానికి అనుబంధంగా ఒక కాగితం మీద రాయించి, ఇద్దరి సంతకాలూ పెట్టించాడు ఆ అద్దెదారు. అందులో మొదటిసారిగా 1080 అన్న సంఖ్య కూడా చేరింది.

యజమాని గారికి ఇదే భవనంలో మరో ఫ్లాటు ఖాళీ అవుతోంది. సలహా అడిగితే, ప్రకటనలో అంకెలు పూర్తిగా మానేయమన్నాను. కొత్త ప్రకటన నిన్ననే చూశాను. 'అతి విశాలమైన, కుటుంబానికి తగిన, అన్ని వసతులూ గల ఇల్లు.' కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: 'ఇల్లు చూడవచ్చేవారు ఫోను తప్ప వేరే పరికరాలు తీసుకురాకూడదు.' ఫోనులో కూడా కొలత తీసే సౌకర్యం వచ్చిందని ఆయనకు ఎవరు చెబుతారో చూడాలి.