లంగా ఓణీ రంగు కూడా డెకరేషన్ వాళ్ళని అడిగే కొనాలా?

ఇప్పుడే ఫోన్ పెట్టేసి రాస్తున్నా, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. మా ఆడపడుచు కూతురు పెద్దమనిషయింది, వచ్చే వారం ఫంక్షన్. లంగా ఓణీ మేనమామ ఇంటి నుంచే వెళ్ళాలి కాబట్టి కొనేది నేను. (మేనమామగారు కార్డు నా చేతిలో పెట్టి కారులో కూర్చుంటారు. అదో రామాయణం, ఇంకోసారి.) నెమలికంఠం రంగు పట్టు లంగా, దానికి మిరపపండు ఎరుపు అంచు, అదే ఎరుపులో ఓణీ తీసి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టా. రెండు నిమిషాల్లో ఫోను.

"వదినా, బాగుంది గానీ, డెకరేషన్ వాళ్ళు పేస్టల్ థీమ్ అన్నారు. ఇంత ఎరుపు స్టేజీ మీద కొట్టొచ్చినట్టు ఉంటుందట. పీచ్ గానీ, లేత పుదీనా రంగు గానీ మార్చుకోడానికి అవుతుందా?"

కొట్టొచ్చినట్టు ఉండాలనే కదమ్మా కొన్నది! ఆ రోజు జనం చూడాల్సింది పిల్లనా, వెనకాల వేలాడే కాగితం పూలనా? లేత గులాబీ పరదా ముందు లేత గులాబీ ఓణీ వేసి కూర్చోబెడితే ఫొటోలో తల ఒక్కటే తేలుతూ కనబడుతుంది. దానికి లైటింగు బాలేదని మళ్ళీ ఫొటోగ్రాఫర్ని తిట్టుకోవడం.

అసలు ఆ రంగులు నేనేదో గుడ్డిగా ఏరుకురాలేదు. నెమలికంఠం అంటే ఒక రంగు కాదు, రెండు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నమ్మకం లేకపోతే గుడ్డ కొసన నాలుగు పోగులు లాగి చూడండి, పొడుగు పోగు నీలం, అడ్డం పోగు ఆకుపచ్చ వస్తాయి. అందుకే పిల్ల నిలబడితే నీలంగా, కూర్చుని కుచ్చిళ్ళు మడత పడితే పచ్చగా మెరుస్తుంది. అలాంటి లంగాకి "మ్యాచింగ్" అని నీలం ఓణీ తెచ్చేవాళ్ళున్నారు. అది ఒక్క కోణంలోనే కలుస్తుంది. పిల్ల అటు తిరగ్గానే లంగా పచ్చబడుతుంది, ఓణీ మాత్రం పక్కింటి నుంచి అడిగి తెచ్చినట్టు నీలంగానే మిగులుతుంది. ఇలాంటి డబుల్ షేడ్ గుడ్డకి ఓణీ రంగు అంచులోంచి తీసుకోవాలి. అంచు మారదు కాబట్టి ఓణీ ఎప్పుడూ దాంతో కలిసే ఉంటుంది. జాకెట్టు మాత్రం లంగా గుడ్డే. మా పిల్ల పొట్టిది, పన్నెండేళ్ళకి ఇంకెంత ఉంటుంది. జాకెట్టు ఒక రంగు, ఓణీ ఒక రంగు, లంగా ఒక రంగు అయితే మనిషిని మూడు ముక్కలు చేసినట్టుంటుంది. దానికి తోడు జానెడున్నర అంచు తగిలిస్తే ఇక పిల్ల కనబడదు, అంచు నడిచొస్తున్నట్టుంటుంది. అందుకే అంచు కూడా బెత్తెడే ఉన్నది వెతికి తీశా.

ఎరుపు కలపడం తేలికనుకుంటున్నారా? షాపులో ట్యూబులైటు కింద రెండూ ఒకే ఎరుపు. సేల్స్ అబ్బాయి "పర్ఫెక్ట్ మ్యాచింగ్ మేడం" అని అప్పుడే మడత పెట్టేస్తున్నాడు. రెండూ పట్టుకుని గుమ్మం బయటికి, ఎండలోకి పోయి చూస్తే ఒకటి నారింజ వైపు పోతోంది, ఇంకోటి రాణి గులాబీ వైపు పోతోంది! లంగాకీ ఓణీకీ రంగు అచ్చంగా కలవాలి, లేదా పూర్తిగా వేరవ్వాలి. ఇంచుమించుగా కలవడమంత ఘోరం ఇంకోటి లేదు, ఎవరు చూసినా ఒకటి వెలిసిపోయిందనుకుంటారు. ఎరుపు దొరక్కపోతే ఆవపూల పసుపు తీసుకుందామనే అనుకున్నా. నెమలికంఠం మీద అదీ బాగా తేలుతుంది, కలపాల్సిన బాధే ఉండదు. కానీ వెనకాల బంతిపూలు కడితే మళ్ళీ పసుపులో పసుపు కలిసిపోతుంది. (నాకేం తెలుసు, అప్పటికి కాగితం పూల సంగతి ఎవరూ చెప్పలేదుగా.)

సరే, పీచ్ రంగే తెచ్చాననుకోండి. ఫంక్షన్ అంటే ఏంటి? ముత్తయిదువులు వరసగా వచ్చి కాళ్ళకి పసుపు రాస్తారు, మెడకి గంధం పూస్తారు, బొట్టు పెడతారు, అవే చేతులతో పిల్లని దగ్గరికి తీసుకుని ముద్దు చేస్తారు. పసుపు కలిపిన అక్షింతలు ఒళ్ళో పడతాయి. సగం పేరంటం అయ్యేసరికి ఆ లేత ఓణీ మీద పది వేళ్ళ ముద్రలు. ఇంటికెళ్ళి కంగారుగా సబ్బు పెడతారు, అక్కడే అసలు సినిమా. పసుపుకి సబ్బులో క్షారం తగిలితే ఎర్రగా తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితేనే కదా పారాణి అయ్యేది! మరక ఎర్రబడగానే కుంకుమ అనుకుని ఇంకా రుద్దుతారు, పట్టు పోగు లేచిపోతుంది. అదే మిరపపండు ఓణీ మీద పసుపు పడితే దులిపేసుకుని ఇంకో లడ్డూ తినొచ్చు. మన పెద్దవాళ్ళు ముదురు రంగులు కట్టించింది రంగుల మీద మోజుతోనే అనుకుంటున్నారా ఏంటి.

ఇదంతా చెబితే అటు నుంచి కాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు తగ్గించి, "అది కాదు వదినా... పిల్ల కాస్త రంగు తక్కువ కదా. ఎరుపు వేస్తే ఇంకా నల్లగా కనబడుతుందేమోనని."

అదీ సంగతి! థీమూ లేదు, గీమూ లేదు. ఇంతసేపూ డెకరేషన్ వాళ్ళ భుజం మీద పెట్టి పేల్చిన తుపాకీ అన్నమాట.

బంగారం లాంటి చామనఛాయ పిల్ల. మిరపపండు ఎరుపు, ముదురు పసుపు, చిలకపచ్చ, వంకాయ రంగు, ఇవన్నీ ఆ ఛాయ మీద వెలిగినట్టు ఎవరి మీదా వెలగవు. లేత పాలిపోయిన రంగులే మొహాన్ని దిగలాగుతాయి. అనుభవంతో చెబుతున్నా. నా ఫంక్షన్‌కి మా మేనత్త ఇలాగే "దీనికి ముదురు రంగులు వద్దు, రంగు తేలేలా లేతది వెయ్యండి" అని అందరి ముందూ తీర్మానం చేసి గంధం రంగు లంగా, గంధం రంగు ఓణీ కట్టించింది. నేను మావిచిగురు రంగు అడిగా. "నీకా?" అని నవ్వింది. ఆ ఒక్క ముక్కకి పక్కనున్న పిన్నులంతా నవ్వారు. ఆల్బమ్‌లో చూస్తే నా మీద బట్టలున్నాయో గంధం పూశారో తెలీదు, మొహం మాత్రం జ్వరం పడి లేచినట్టుంది. పైగా మొహానికి తెల్ల పౌడరు, మెడ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. అదే ఏడాది వాళ్ళమ్మాయికి మాత్రం మావిచిగురే తీసింది. అవును, గుర్తుంది. అన్నీ గుర్తుంటాయి నాకు.

"మీ అమ్మాయి ఏమంది?" అని అడిగా ఆడపడుచుని. "దానికి ఎరుపే నచ్చింది, ఫొటో చూసి ఎగిరి గంతేసింది" అంది. మరి ఇంకెందుకమ్మా నాకు ఫోను!

లంగా కుట్టడానికి ఇచ్చేశా. ఎదిగే పిల్ల కాబట్టి నడుం దగ్గర ఎక్కువ గుడ్డ లోపలికి మడిచి కుట్టమన్నా. ఓణీ కొంగుకి ఎర్ర పోగులతోనే కుచ్చులు వేయిస్తున్నా. మా మేనత్త కూడా వస్తోందట ఫంక్షన్‌కి. ముందు వరసలో కుర్చీ వేయిస్తా.