స్టెప్పులు తగ్గిస్తే బొమ్మలో ఏం పోతుంది?

మనం రాసిచ్చిన వర్ణనను, అంటే ప్రాంప్ట్‌ను, బొమ్మగా మార్చే స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ ఒక్క ఊపులో బొమ్మ గీయదు. రూపం లేని చుక్కల గందరగోళంతో, అంటే పూర్తి నాయిస్‌తో మొదలుపెట్టి, ప్రతి స్టెప్పులో కొంత నాయిస్ తీసేస్తుంది. అలా తీసిన ప్రతిసారీ మోడల్ మొత్తం మళ్లీ నడవాలి. సమయం తినేది ఇదే. ఒక్కో నడకకు 0.1 సెకను, ప్రాంప్ట్ చదవడానికీ చివర్లో పిక్సెళ్లుగా మార్చడానికీ కలిపి 0.5 సెకను పడుతుందనుకుందాం. 50 స్టెప్పులకు 5.5 సెకన్లు, 20కి 2.5, 8కి 1.3 సెకన్లు అవుతాయి.

అయితే స్టెప్పుల సంఖ్యను చూసి వేగాన్ని అంచనా వేయడం తప్పు. లెక్కపెట్టాల్సింది మోడల్ ఎన్నిసార్లు నడిచిందన్నదే. ప్రతి స్టెప్పులో నాయిస్ ఎలా తీయాలో నిర్ణయించే పద్ధతిని శాంప్లర్ అంటారు. Heun అనే శాంప్లర్ స్టెప్పుకు దాదాపు రెండుసార్లు మోడల్‌ను పిలుస్తుంది, Euler ఒక్కసారే. దాని 10 స్టెప్పులను Euler 10 స్టెప్పులతో పోల్చి ‘నాణ్యత బాగుంది’ అనడం న్యాయం కాదు, 20తో పోల్చాలి.

ఇక నాణ్యత సంగతి. నాయిస్ నుంచి బొమ్మ దాకా ఉన్న దారి వంకర దారి. Euler ప్రతి స్టెప్పులో ఆ చోట ఉన్న దిశను పట్టుకుని నేరుగా వెళ్తుంది. స్టెప్పు చిన్నదైతే దారికి దగ్గరగానే ఉంటుంది, పెద్దదైతే మలుపు దగ్గర పక్కకు పోతుంది. DPM++ 2M అనే శాంప్లర్ తన ముందు స్టెప్పు ఫలితాన్ని గుర్తుపెట్టుకుని మలుపును అంచనా వేస్తుంది. దీనికి అదనపు నడక అక్కర్లేదు. అందుకే మామూలు మోడళ్లకు నా సిఫారసు DPM++ 2M Karras, 20 స్టెప్పులు. Karras అమరిక నాయిస్ తక్కువగా ఉన్న చివరి దశకు ఎక్కువ స్టెప్పులు కేటాయిస్తుంది.

ఆ చివరి దశ ఎందుకంత ముఖ్యం? బొమ్మ కూర్పు, అంటే ఎవరు ఎక్కడ నిలబడ్డారు, వెలుగు ఎటు నుంచి పడుతోంది అన్నవి మొదటి కొన్ని స్టెప్పుల్లోనే తేలిపోతాయి. వెంట్రుకల పోగులు, బట్ట నేత, చర్మపు గరుకుదనం చివర్లో వస్తాయి. Eulerను 8కి దించితే మనిషి ఉంటాడు గానీ చర్మం మైనంలా నున్నగా, జుట్టు ముద్దలా కనిపిస్తుంది. ప్రాంప్ట్‌ను ఎంత గట్టిగా పాటించాలో చెప్పే CFG విలువ ఎక్కువ పెడితే దారి ఇంకా వంకర తిరుగుతుంది, తక్కువ స్టెప్పుల్లో రంగులు మాడినట్టు వస్తాయి. కాబట్టి స్టెప్పులు తగ్గించినప్పుడు CFGని కూడా 7 నుంచి 5కో అంతకన్నా కిందికో దించి చూడాలి.

లోపం స్టెప్పులదో కాదో తేల్చడానికి మొదటి నాయిస్‌ను నిర్ణయించే సీడ్ సంఖ్యనూ ప్రాంప్ట్‌నూ మార్చకుండా 40 స్టెప్పులతో మళ్లీ నడపండి. లోపం పోతే కారణం స్టెప్పులే. ఈ పరీక్షకు Euler a అనే శాంప్లర్ పనికిరాదు. అది ప్రతి స్టెప్పులో కొత్త నాయిస్ కలుపుతుంది కనుక స్టెప్పుల సంఖ్య మారితే బొమ్మే మారిపోతుంది. దూరంగా ఉన్న చిన్న ముఖం 40లోనూ చెదిరే ఉంటే స్టెప్పులు పెంచి లాభం లేదు. మోడల్ పనిచేసేది ఒక్కో వైపు 8 రెట్లు కుదించిన బొమ్మ మీద. 40 పిక్సెళ్ల ముఖానికి అక్కడ దక్కేది 5 గళ్ల వెడల్పే. ఆ ముఖాన్ని పెద్దది చేసి, ఆ భాగం వరకే మళ్లీ గీయించాలి.