‘సొంత పూచీ’ బోర్డు వెనక దాక్కోలేని ఈత కొలను

ఎండాకాలం సెలవులు రాగానే మన నగరాల్లో ఈత నేర్పే సమ్మర్ క్యాంపులకు గిరాకీ పెరుగుతుంది. ఫీజు కట్టేటప్పుడే తల్లిదండ్రుల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ప్రమాదం జరిగితే యాజమాన్యానికి సంబంధం లేదని దాని సారాంశం. గోడ మీద బోర్డులోనూ అదే మాట. సంతకం పెట్టాక ఇక అడిగే హక్కు లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. డబ్బు తీసుకుని కొలనులోకి దింపితే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవే. అందులో లోపం ఉంటే వినియోగదారుల కమిషన్ ముందు జవాబు చెప్పాల్సిందే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. సంతకం తీసుకున్నామంటే క్రిమినల్ కేసు ఆగదు.

ఈ విషయంలో 1972 నాటి ఢిల్లీ ఉదంతం ఇప్పటికీ పాఠమే. ఒక ఐదు నక్షత్రాల హోటల్‌లో బస చేసిన లుఫ్తాన్సా కో-పైలట్ డైవింగ్ బోర్డు మీంచి కొలనులోకి దూకాడు. తల అడుగుకు తగిలింది. కాళ్లూ చేతులూ చచ్చుబడి పదమూడేళ్లు బతికి కన్నుమూశాడు. 1997లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం హోటల్‌దే తప్పని తేల్చి 50 లక్షల పరిహారం ఇవ్వమంది. కేసు నడుస్తుండగానే వాది చనిపోయాడన్న కారణంగా ఆ డిక్రీ తర్వాత అప్పీలులో నిలవలేదు. అయినా తీర్పులోని తర్కం గట్టిది. డైవింగ్ బోర్డు కట్టి ఉందంటే కింద దూకేంత లోతు ఉందని అతిథి నమ్ముతాడు. ఆ నమ్మకం కలిగించినవాడిదే బాధ్యత. ఎంత ఖరీదైన సేవ అమ్మితే అంత జాగ్రత్త ఆశించవచ్చని కూడా కోర్టు అంది.

మన క్యాంపుల్లో డైవింగ్ బోర్డులు అరుదు. ఇక్కడ అసలు సమస్య నీరు మసకబారడం. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున 1.35 మీటర్ల లోతు ఉన్న కొలను తీసుకోండి. దాదాపు 420 కిలోలీటర్ల నీరు. అదంతా ఆరు గంటలకోసారి ఫిల్టర్ దాటాలంటే గంటకు 70 కిలోలీటర్లు తోడే పంపు ఆడుతుండాలి. కరెంటు బిల్లు మిగులుతుందని పగలు కాసేపు ఆపేస్తారు. అటు ఎండకు క్లోరిన్ తగ్గిపోతుంది, ఇటు ముప్ఫైమంది పిల్లల చెమట, నూనె నీళ్లలో చేరతాయి. సాయంత్రం బ్యాచ్ వేళకు నీరు పాలిపోయి కనిపిస్తుంది. గట్టు మీద నిలబడితే లోతు వైపు అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనపడాలి. కనపడలేదంటే ఆ అడుగున పడి ఉన్న పిల్లవాడూ కనపడడు. నన్నడిగితే అలాంటి రోజు బ్యాచ్ రద్దు చేయాలి. ఫీజు వాపసు ఇవ్వాల్సి వస్తుందని ఎవరూ చేయరు.

నీరు శుభ్రంగా ఉన్నా చూసే కన్ను కావాలి. మునిగేవాడు చేతులూపుతూ అరుస్తాడని మనకు ఒక ఊహ. అలా అరవగలిగినవాడికి ఇంకా ఊపిరి ఉన్నట్టు. నిజంగా మునిగే పిల్లవాడు నిటారుగా ఉంటాడు, నోరు నీటి పైకి తేలుతూ కిందికి పోతూ ఉంటుంది, చేతులు పక్కలకు నీటిని అదుముతుంటాయి. గొంతు పెగలదు. నిమిషం లోపే అడుగుకు పోవచ్చు. నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే మెదడు దెబ్బతింటుంది. ఒక పిల్లవాడి నడుం పట్టుకుని కాళ్లాడించడం నేర్పుతున్న కోచ్‌కు వెనక ఉన్న పాతికమందిలో ఇది కనపడదు. కోచ్ ఉన్నాడు కదా అని లైఫ్‌గార్డును పెట్టకపోవడం పొదుపు కాదు, సేవాలోపం. ఉన్న లైఫ్‌గార్డు చేత టవళ్లు ఇప్పించడం, గేటు దగ్గర రసీదులు చూపించమని అడిగించడం కూడా అంతే.

యజమాని ప్రతి ప్రమాదానికీ బీమా సంస్థ కాదన్నదీ ఒప్పుకోవాలి. మూసేశాక గోడ దూకి వచ్చినవాడు, తాగి దిగినవాడు, వద్దన్నా లోతుకు పోయిన పెద్దవాడు తమ వాటా నిర్లక్ష్యం మోయాలి. పరిహారం ఆ మేరకు తగ్గొచ్చు. కానీ ఏడేళ్ల పిల్లవాడి మీద ఆ వాదన నెగ్గదు. పిల్లలు మాట వినరన్న సంగతి తెలిసే కదా క్యాంపు పెట్టారు.

కేసు అంటూ వస్తే నిలిచేది కాగితమే. క్లోరిన్, పీహెచ్ రీడింగులు రాసే లాగ్‌బుక్, లైఫ్‌గార్డు సర్టిఫికెట్, ఆ రోజు డ్యూటీ చార్టు, సీసీటీవీ రికార్డింగు. నెలంతా ఒకే సిరాతో, ఒకే అంకెతో నింపిన లాగ్‌బుక్ యజమానికే ఎదురుతిరుగుతుంది. ఫుటేజీ కొన్ని వారాలకే దాని మీద కొత్తది రికార్డయి చెరిగిపోతుంది కాబట్టి బాధిత కుటుంబం మొదట చేయాల్సింది దాన్ని భద్రపరచమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడం. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు మాత్రం రెండేళ్ల గడువుంది.