రాలిన మందార మొగ్గను ముందు కోసి చూడండి

"మందార మొగ్గలు పసుపెక్కి రాలిపోతున్నాయంటే మొక్కకు బలం చాలడం లేదన్నమాట. వారానికోసారి ఎప్సమ్ సాల్ట్, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పోయండి. పురుగు ఉందని అనుమానమైతే వేపనూనె చల్లితే చాలు. రాలిన మొగ్గలను కుండీలోనే వేయండి, ఎరువవుతుంది."

ఈ సలహాతో నేను ఏకీభవించను. బలం చాలకపోతే ఆ సంగతి ముందుగా ఆకులే చెబుతాయి. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండే మెగ్నీషియం తగ్గితే ముదురు ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కుతుంది. అరటి తొక్కల్లో ఉండే పొటాషియం తగ్గితే ముదురు ఆకుల అంచులు మాడతాయి. ఆకులు నిగనిగలాడుతూ, చిగుళ్లు వేస్తూ, మొగ్గలు మాత్రమే రాలుతుంటే ఎప్సమ్ సాల్ట్‌తో పని లేదు. పైగా అక్కరలేని లవణాలు కుండీలో పేరుకుంటే వేళ్లు దెబ్బతింటాయి. అప్పుడు మొగ్గలు రాలడానికి అదే కొత్త కారణమవుతుంది.

అసలు కారణం రాలిన మొగ్గలోనే దొరుకుతుంది. అప్పుడే రాలిన నాలుగైదు మొగ్గలు తీసుకుని, తెల్ల కాగితం మీద పెట్టి, బ్లేడుతో నిలువునా కోయండి. ఉదాహరణకు ఒక ముద్దమందారం తీసుకుందాం. ఆకులు బాగున్నాయి, మొగ్గలూ విరివిగా వేస్తోంది. కానీ వారాల తరబడి ఒక్క పువ్వూ విచ్చుకోలేదు, ప్రతి మొగ్గా విచ్చే ముందే పసుపెక్కి రాలుతోంది. మొగ్గను కోస్తే లోపల రేకులు చెమ్మగా, కుళ్లినట్టు ఉంటాయి. వాటి మడతల్లో కాళ్లు లేని సన్నటి పిల్లపురుగులు కదులుతుంటాయి. లేతవి తెల్లగా, ముదిరినవి పసుపుగా ఉంటాయి, పొడవు సుమారు రెండు మిల్లీమీటర్లు. కాసేపు చూస్తే కొన్ని ఒళ్లు వంచి ఎగిరి పడతాయి. ఇది మొగ్గ ఈగ పని. మల్లె మొగ్గలను పాడుచేసేదీ ఇదే జాతి. దోమకన్నా చిన్నదైన తల్లి ఈగ లేత మొగ్గ కొసలో గుడ్లు పెడుతుంది. అది కంటపడటం అరుదు కాబట్టే "పురుగేమీ లేదు" అనుకుంటాం.

తామర పురుగులైతే లక్షణాలు వేరు. మొగ్గలు వంకర తిరుగుతాయి, విచ్చుకున్న కొద్ది పూలలో రేకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి చారలు పడతాయి. మొగ్గను కాగితం మీద తడితే మిల్లీమీటరు పొడవున్న నూలుపోగులాంటి పురుగులు చురుగ్గా పరుగెడతాయి.

వేపనూనె సంగతికి వస్తే, తామర పురుగుల మీద దాని వల్ల కొంత ఉపయోగం ఉంది. సబ్బునీళ్లలో బాగా కలిపి, సాయంత్రం పూట, మొగ్గల కొసలూ ఆకుల అడుగూ తడిసేలా చల్లాలి. ఒక్కసారి చల్లితే సరిపోదు, వారం వ్యవధితో మళ్లీ చల్లాలి. మొగ్గ ఈగ పిల్లల దగ్గరికి మాత్రం ఆ నూనె చేరనే చేరదు. మూసుకున్న రేకులే వాటికి రక్షణ. వేళ్ల ద్వారా మొక్కంతా పాకే మందులు వాటిని చేరగలవు, కానీ అవే మందులు మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరి తేనెటీగలకు హాని చేస్తాయి. నేనైతే ఇంటి మొక్కకు అవి వద్దనే అంటాను.

ఆ సలహాలో నన్ను నిజంగా బాధపెట్టింది చివరి మాట. మొగ్గలో తిని ముదిరిన పిల్లపురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశ గడుపుతుంది, తర్వాత ఈగగా పైకి వస్తుంది. గుడ్డు నుంచి ఈగ దాకా మొత్తం సుమారు మూడు నాలుగు వారాలు. రాలిన మొగ్గను కుండీలో వేయడమంటే పురుగును దానికి కావలసిన చోటికి మనమే చేర్చడం. చేయవలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాలినవాటినే కాదు, కొమ్మ మీద పసుపెక్కుతున్న మొగ్గలను కూడా రోజూ తుంచి, ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి చెత్తలో పారేయాలి. కంపోస్టులో వేయకూడదు. కనీసం నాలుగైదు వారాలు ఒక్కరోజూ వదలకుండా చేస్తే ఆ తరం తెగుతుంది. ఉధృతి ఎక్కువగా ఉంటే ఒకసారి మొగ్గలన్నీ, పచ్చివి కూడా, తీసేయడమే మేలు. పక్కన మరో మందారమో మల్లో ఉంటే వాటికీ ఇదే పని ఒకేసారి చేయాలి, లేకపోతే ఈగ అక్కడి నుంచి తిరిగి వస్తుంది.

మొగ్గ కోస్తే లోపల శుభ్రంగా, పొడిగా, ఏ పురుగూ లేకుండా ఉందా? అప్పుడు మొక్క పడ్డ ఒత్తిడిని అనుమానించాలి. ఇందులో చిన్నా పెద్దా మొగ్గలు రెండు మూడు రోజుల్లో ఒక్కుమ్మడిగా రాలతాయి, తరచుగా అడుగు ఆకులూ పసుపెక్కుతాయి. అంతకు కొద్ది రోజుల ముందు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి: కుండీ పూర్తిగా ఎండిపోయి ఒకేసారి తడిసిందా, కుండీ మార్చారా, నీడలోంచి మండుటెండలోకి తెచ్చారా, వడగాలి వీచిందా? మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి, పై భాగం ఆరినప్పుడు మాత్రమే అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోయండి, కుండీని ఒకే చోట ఉంచండి. అప్పటికే పసుపెక్కిన మొగ్గలు ఎలాగూ నిలవవు. ఆ తర్వాత వేసిన మొగ్గలు నిలిస్తే కారణం ఒత్తిడే. అవి కూడా రాలితే మళ్లీ ఒకటి కోసి చూడండి.