సంతకానికి సాక్షి సంతకం

విదేశంలో ఉద్యోగం దొరికిన మనిషి తన చదువు నిజమైనదని రుజువు చేసుకోవలసి ఉంటుందని చాలామంది అపోహ పడుతుంటారు. ఆయన రుజువు చేయవలసింది చదువును కాదు, సంతకాన్ని. అదీ తన సంతకాన్ని కాదు, జన్మలో ముఖం చూసి ఎరగని ఒక రిజిస్ట్రారు సంతకాన్ని. ఈ సూక్ష్మం గ్రహించనివారు అటెస్టేషన్ ఆలస్యమైందని కార్యాలయాలను ఆడిపోసుకుంటారు. గ్రహించినవారు నోరు మెదపకుండా టోకెన్ తీసుకుని కూర్చుంటారు.

ఈ వ్యవస్థ పాతకాలపు పెళ్ళిసంబంధాల విచారణ వంటిది. పట్టా మీద విశ్వవిద్యాలయం అధికారి సంతకం ఉంటుంది. ఆ సంతకాన్ని తాను ఎరుగుదునని, పట్టా ఇచ్చిన రాష్ట్రంలోని విద్యాశాఖ అధికారి వెనకవైపు ముద్ర వేస్తాడు. దీన్ని ఇప్పటికీ అందరూ హెచ్‌ఆర్‌డీ అటెస్టేషన్ అనే అంటారు. కేంద్రంలో ఆ పేరుగల మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖ 2020లోనే విద్యాశాఖగా మారిపోయింది గానీ, వాడుక దాన్ని పట్టించుకోలేదు. రాష్ట్ర అధికారిని తాను ఎరుగుదునని విదేశాంగ శాఖ ధ్రువీకరిస్తుంది. వెళ్ళవలసిన దేశం, పరదేశపు కాగితాలను ఒక్క ధ్రువీకరణతో నమ్మాలన్న హేగ్ ఒప్పందంలో ఉంటే, విదేశాంగ శాఖ అపోస్టిల్ అనే స్టిక్కరు అంటించడంతో కథ ముగుస్తుంది. లేకపోతే విదేశాంగ శాఖ అధికారిని తాము ఎరుగుదుమని ఆ దేశపు రాయబార కార్యాలయం, అక్కడికి చేరాక రాయబార కార్యాలయాన్ని తాము ఎరుగుదుమని ఆ దేశపు విదేశాంగ శాఖ చెప్పాలి. ఇంతమందిలో పట్టభద్రుణ్ణి ఎరిగినవాడు ఒక్కడూ ఉండడు. ఉండవలసిన అవసరమూ లేదు.

1961 అక్టోబరు 5న కుదిరిన ఆ ఒప్పందాన్ని శ్రద్ధగా చదివినవారికి దాని నిజాయితీ మీద గౌరవం కలుగుతుంది. అపోస్టిల్ చతురస్రాకారంలో, ఒక్కో భుజం కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలట. అందులో 10 అంశాలు. శీర్షిక మాత్రం ఏ దేశం ఇచ్చినా ఫ్రెంచిలోనే ఉండాలి. అది ధ్రువీకరించేది మూడింటినే: సంతకం అసలైనదని, సంతకం చేసినవారికి ఆ హోదా ఉందని, ముద్ర ఆ సంస్థదేనని. కాగితంలో రాసిన విషయం గురించి అది ఒక్క ముక్క మాట్లాడదు. పదో అంశంగా అపోస్టిల్ ఇచ్చిన అధికారి సంతకం ఉంటుంది. దానికి మాత్రం మరే సాక్ష్యమూ అక్కర్లేదని ఒప్పందమే తేల్చేసింది. ఎక్కడో ఒకచోట ఆగకపోతే భూగోళం మీద అందరూ అందరి సంతకాలకూ సాక్షులై పోతారని ఆ పెద్దలు భయపడి ఉంటారు.

ఇక మా మేనల్లుడి సంగతి. వాడి పట్టా 2009 నాటిది. అప్పటి రిజిస్ట్రారు ఎప్పుడో పదవీ విరమణ చేశారు. రాష్ట్ర కార్యాలయంలో పట్టా మీది సంతకాన్ని తమ దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూస్తారు. పోల్చడానికి నమూనా ఉండాలి కదా. ఆ ఏడాదికి సంబంధించిన నమూనా విశ్వవిద్యాలయం నుంచి రాలేదని తేలింది. అటువంటప్పుడు పట్టా నిజమైనదేనా అని విశ్వవిద్యాలయానికి లేఖ వెళుతుంది, అక్కడి పరీక్షల విభాగం పాత మార్కుల రిజిస్టర్లు తిరగేసి జవాబు పంపుతుంది. లేఖ వెళ్ళింది. మావాడు వారానికోసారి ఫోను చేస్తే ‘కాగితం పైకి వెళ్ళింది’ అనేవారు. పైకి వెళ్ళిన కాగితం కిందికి దిగడానికి ఏడు వారాలు పట్టింది. దిగిన జవాబు మీద ఇన్‌చార్జి రిజిస్ట్రారు సంతకం ఉంది; ఆయన నమూనా సంతకం కూడా రాష్ట్ర కార్యాలయంలో లేదు.

నేను దీన్ని లోపం అనను. సాక్ష్యానికి సాక్ష్యం అడగడం ఈ శాస్త్రపు మూలసూత్రం. ఆ రెండో నమూనా కోసం మావాడు స్వయంగా ప్రయాణం చేసి, విశ్వవిద్యాలయంలో రెండు రోజులు కూర్చుని, సీలు వేసిన కవరు పంపించుకున్నాడు. ముందే ఒకసారి విచారించి ఉంటే, అంటే పట్టా మీద ఎవరి సంతకం ఉంది, ఆయన నమూనా రాష్ట్ర కార్యాలయానికి చేరిందా అన్న రెండే ప్రశ్నలు అడిగి ఉంటే, ఏడు వారాలూ మిగిలేవి. కానీ అలా అడగాలని ఏ దరఖాస్తు ఫారమూ చెప్పదు.

నడుమ లామినేషన్ ఉపకథ ఒకటి. కొడుకు పట్టాకు చెమ్మ తగలకూడదని మా బావగారు దాన్ని ఆనాడే ప్లాస్టిక్‌లో పోతపోయించారు. ప్లాస్టిక్ మీద రబ్బరు స్టాంపు సిరా నిలవదు. వేడి గాలితో ఒక మూల ఊడదీసేసరికి ఆ మూలనున్న అక్షరాలు కూడా ప్లాస్టిక్‌తో వెళ్ళిపోతున్నాయని గ్రహించి ఆపేశారు గనక, డూప్లికేట్ పట్టా కోసం దరఖాస్తు చేసుకునే భాగ్యం తృటిలో తప్పింది. మిగతాది పాత కాగితాలు బాగుచేసే ఒక పెద్దమనిషి మధ్యాహ్నమంతా కూర్చుని విడదీశాడు.

అన్నిటికన్నా విలువైన పొరపాటు దేశం విషయంలో జరిగింది. మావాడికి ఉద్యోగం దుబాయిలో. నెదర్లాండ్స్ వెళ్ళిన స్నేహితుడు మాత్రం ‘అపోస్టిల్ ఒక్కటి చాలు, రుసుము 50 రూపాయలే’ అని ఘంటాపథంగా చెప్పాడు. నెదర్లాండ్స్‌కి అది నిజమే. ఎమిరేట్స్ అప్పటికి ఒప్పందంలో చేరలేదు. తళతళలాడే స్టిక్కరుతో ఇంటికొచ్చిన మావాడు, దాన్ని అటు పక్కన ఎవరూ చదవరని తెలుసుకుని, మామూలు అటెస్టేషన్‌కు మళ్ళీ దరఖాస్తు చేసి, తర్వాత రాయబార కార్యాలయం వరసలో నిలబడ్డాడు. ఇటువంటి సలహాలు కాలంతో పాటు చెడిపోతాయి కూడా. సౌదీలో ఒప్పందం 2022 డిసెంబరు 7న అమలులోకి వచ్చింది గనక, అంతకు ముందు వెళ్ళొచ్చిన బాబాయి అనుభవం ఇప్పుడు వెళ్ళే అబ్బాయికి పనికిరాదు. ఒప్పందంలోని దేశాల జాబితాలో రెండు దేశాల పేర్లూ ఉండటం కూడా చాలదు: మన దేశం చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందువల్ల ఆ రెంటి మధ్య ఒప్పందం అమలులోకి రాలేదు. జాబితా చూసి మురిసిపోయేవారు పక్కనున్న అభ్యంతరాల పట్టిక కూడా చూడాలి. ఎవరూ చూడరు, నేనూ మావాడి పుణ్యమా అని చూశాను.

పేరు విషయం మావాడు అదృష్టవశాత్తూ ముందే సరిచూసుకున్నాడు. పట్టాలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, మెట్టుమెట్టునా ముద్రలు నిక్షేపంగా పడతాయి. ఎందుకంటే వాళ్ళు చూసేది సంతకం. చివర్లో ఎవరో ఒకరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ‘ఈ ఇద్దరూ ఒకరేనా’ అంటారు. అప్పటికి ముద్రలన్నీ పడిపోయి ఉంటాయి గనక, విశ్వవిద్యాలయంలో పేరు సరిచేయించుకుంటే వచ్చేది కొత్త పట్టా, దాంతోపాటు కొత్త ప్రయాణం.

మావాడి పట్టా చివరికి దుబాయి చేరింది. అక్కడి గుమాస్తా దాన్ని బోర్లా తిప్పి, వెనకనున్న ముద్రలను వేలితో ఒకటొకటిగా లెక్కపెట్టి, కంప్యూటరులో ఏదో నొక్కి, బోర్లా ఉన్నదాన్ని బోర్లాగానే తిరిగిచ్చాడట.